పాత వయొలిన్ లోపల స్ట్రాడివేరియస్ కాగితం: నలభై వేలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా పాపకు 11 ఏళ్లు, వయొలిన్ వర్ణాల దాకా వచ్చింది. తెలిసినవాళ్లింట్లో వాళ్ల తాతగారి వయొలిన్ ఉంది. లోపల కాగితం మీద ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమోనా, 1721 అని, దాని కింద చిన్న అక్షరాల్లో జర్మనీ అని ఉంది. నలభై వేలు చెబుతున్నారు. ఇది ఎవరు చేసినది? అంత పెట్టవచ్చా?

జవాబు:

మీరు రాసినదాంట్లో నిజం చెప్పే మాట అట్టడుగున ఉన్న చిన్న మాట, జర్మనీ. పైన ఉన్న పేరు మోడల్ పేరు మాత్రమే. ఫలానా ఉస్తాదు కొలతలను అనుసరించి చేశాం అని చెప్పడానికి ఆ రోజుల్లో అలా కాగితం అంటించేవారు. అది మోసం చేయడానికి అంటించింది కాదు. తర్వాత చేతులు మారేటప్పుడే అది మోసంగా మారుతోంది. అసలు స్ట్రాడివేరియస్ అనే పేరుమోసిన వయొలిన్ తయారీదారు 1737లో ఇటలీలోని క్రెమోనాలో చనిపోయాడు. ఆయనవి ఇవాళ మిగిలినవి ఆరువందల చిల్లర, వాటి జాడ ఎప్పుడో రాసిపెట్టేశారు. 1721లో ఇటలీలో చేసిన వయొలిన్ మీద ఇంగ్లీషులో జర్మనీ అని ఎవరూ వేయరు. పరదేశపు సరుకు మీద దేశం పేరు ఉండాలనే పట్టింపు బ్రిటన్‌లో 1887 చట్టంతో, అమెరికాలో 1890 చట్టంతో వచ్చింది. కాబట్టి మీరు చూసిన వయొలిన్ దాదాపు ఆ తర్వాతిదే. తాతగారి కాలానికి సరిగ్గా సరిపోతుంది కూడా.

నేను ఇదే దారిలో ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 2012లో నెల్లూరు మూలాపేటలో ఒక మధ్యవర్తి ద్వారా మా అబ్బాయి కోసం ఇలాంటిదే కొన్నాను. లోపల 1736 అని ఉంది, కింద మీ దాంట్లోలాగే జర్మనీ అని ఉంది. ఆయన మాత్రం ఇటలీదే, జర్మనీలో రిపేరు చేయించారంతే అన్నాడు. చూడ్డానికి చాలా అందంగా ఉంది, నేనూ నమ్మాలనుకున్నాను, నమ్మాను. ముప్పై రెండు వేలు ఇచ్చాను. ఆరు నెలల్లో పై పలక అంచు ఊడి గరగరమని మోత రావడం మొదలైతే చెన్నై తీసుకెళ్లాను. రిపేరు చేసే పెద్దాయన పై పలక విప్పి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లోపలంతా చూపించారు. ఆ అరగంటలో తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను. దాన్ని విప్పకుండా చూడడానికి మీకు కావలసింది పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఫోను టార్చి. అద్దం మెడికల్ షాపుల్లో దొరుకుతుంది.

ముందు పై పలకకున్న ఎఫ్ ఆకారపు కన్నాల్లో లావు తీగవైపు కన్నంలోంచి అద్దం పెట్టి, పై పలక అడుగుభాగం చూడండి. తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జి పాదం ఆ తీగకింద ఆనే చోట, పొడవునా ఒక కర్ర ఉండాలి. దాన్ని బాస్ బార్ అంటారు. మంచి పనిలో అది విడిగా చెక్కి అతికించిన కర్ర. రెండు పక్కలా సన్నని అతుకు గీత స్పష్టంగా కనిపిస్తుంది, కర్ర అంచులు నునుపుగా ఉంటాయి. నా వయొలిన్‌లో అతుకు గీతే లేదు. పలకను తవ్వేటప్పుడే ఆ భాగాన్ని వదిలేసి, దిబ్బలాగా చెక్కి వదిలారు. చుట్టూ ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. త్వరగా ఎక్కువ వయొలిన్లు తయారు చేయాలంటే ఇదొక దారి. దాంతో పలక మందం ఒక తీరుగా రాదు, మంద్ర స్థాయిలో నాదం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. సరిచేయాలంటే పై పలక విప్పి, ఆ దిబ్బ తీసి, కొత్త కర్ర అతికించాలి.

తర్వాత అదే కన్నంలోంచి అద్దం వంచి, నడుము దగ్గర ఉన్న మూలల్లోకి చూడండి. వయొలిన్ పక్క పలకలు కలిసే ఆ నాలుగు మూలల లోపల చిన్న చెక్క దిమ్మ ఉండాలి. నా దాంట్లో లేదు. రెండు పలకలు కోణంగా కలిసి ఖాళీ మూల కనిపించింది. కొన్నిటిలో దిమ్మలా కనపడటానికి పల్చని చెక్కముక్క అడ్డం అంటించి ఉంటుంది, టార్చి వేస్తే దాని వెనక ఖాళీ తెలిసిపోతుంది.

ఈ రెండూ చూడగానే పెద్దాయన మార్క్‌నాయ్‌కిర్షెన్ అన్నారు. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఒక ఊరు అది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఆ ఊరూ, దాని పక్కన సరిహద్దు అవతల బొహీమియాలోని షోన్‌బాక్ ఊరూ కలిసి ప్రపంచమంతటికీ వయొలిన్లు పంపాయి. ఒక ఇంట్లో తలలు చెక్కేవారు, ఇంకో ఇంట్లో పెట్టెలు చేసేవారు, మరో చోట రంగు వేసేవారు, వ్యాపారి కూర్చి అమ్మేవాడు. అందుకే ఎవరు చేశారన్న మీ ప్రశ్నకు ఒక మనిషి పేరు దొరకదు, ఊరి పేరు దొరుకుతుంది. మన చీరాల చీర కొంటే అది ఎవరి మగ్గం మీద నేసిందో చెప్పలేం కదా, అలాగే. వెనక పలక మీద మెడ కింద స్టైనర్ అనో హోప్ఫ్ అనో ముద్ర కొట్టి ఉన్నవి కూడా ఎక్కువగా ఈ కోవలోవే.

కానీ అన్నీ ఒకే రకం కాదు. అదే ఊళ్లో అతికించిన బాస్ బార్, నాలుగు దిమ్మలు పెట్టి చక్కగా చేసినవీ ఉన్నాయి. అందుకే కాగితం మీది మాట పక్కన పెట్టి లోపల చూడమంటున్నాను. బయట కూడా రెండు చూడండి. అంచుచుట్టూ నడిచే నల్లని జంట గీత చెక్కలో గాడి తీసి పొదిగిందా, సిరాతో గీసిందా అన్నది అరిగిన చోట తెలుస్తుంది. గీసింది అక్కడ చెరిగిపోయి ఉంటుంది, పొదిగింది చెక్క అరిగినా కొనసాగుతుంది. తీగల కింది నల్లపట్టీ వేళ్లు ఎక్కువగా పడే చోట లేతరంగు తేలితే అది నల్లచేవ కాదు, మామూలు చెక్కకు రంగు వేశారు. ఇక తల ఒక పక్కే అరిగి ఉంటే ఆశ్చర్యపోకండి. మనవాళ్లు కింద కూర్చుని కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు కదా. తాతగారు నిజంగా సాధన చేశారనడానికి అదే గుర్తు.

ఇప్పుడు ధర. నేర్చుకునే పిల్లకు వయొలిన్ వయసు కన్నా దాని ఒంటి ఆరోగ్యం ముఖ్యం. అన్నిటికన్నా ముందు వెనక పలకను వెలుతురులో ఏటవాలుగా పట్టి, సన్నతీగవైపు బ్రిడ్జి పాదానికి సరిగ్గా వెనక ఉన్న చోట చూడండి. లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, అక్కడే ఆని నొక్కుతుంది. అక్కడ నిలువు పగులు ఉంటే మారుమాట లేకుండా వదిలేయండి. అది మాన్పించడానికి పై పలక విప్పి, వెనక పలకను లోపలివైపు నుంచి తవ్వి అతుకు వేయాలి. ఈ తరగతి వయొలిన్‌కు ఆ ఖర్చు దాని ధరను మించుతుంది.

తర్వాత మెడ. తీగల కింది నల్లపట్టీ మీద తిన్నని స్కేలు పెట్టి బ్రిడ్జి దాకా జరిపితే, స్కేలు కొన తగిలే చోటు పై పలక నుంచి 27 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. నా దానిలో 22 ఉంది. మెడ ముందుకు వాలిపోయింది. అలాంటప్పుడు తీగలు పట్టీ నుంచి ఎత్తుగా నిలిచి, గమకం లాగేటప్పుడు వేలు నొప్పెడుతుంది. పిల్లలు అది తమ చేతకానితనమనుకుంటారు, మా వాడు ఆరు నెలలు అలాగే అనుకున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన సముద్రపు గాలికి అతుకులు ఊడడం మామూలే. అంచు వెంబడి వేలి కణుపుతో మెల్లగా తట్టుతూ పోతే ఊడిన చోట గలగలమంటుంది. దీనికి భయపడనక్కర్లేదు, చిన్న పని. పాతకాలపు వయొలిన్లను పశువుల తోలు కాచి తీసిన జిగురుతో అతికించేవారు. మన వడ్రంగులు దాన్నే వజ్రం అనేవారు. వేడికీ తడికీ అది వదులుతుంది, మళ్లీ అతుకుతుంది. పై పలక పగలకుండా విప్పగలిగేదీ అందువల్లే. కాబట్టి ఎక్కడైనా తెల్ల జిగురు మరకలు కనపడితే ధర బాగా తగ్గించి అడగండి. దాన్ని విప్పబోతే చెక్కే చిరుగుతుంది.

నాకు చెన్నైలో అయిన ఖర్చు చెబుతాను, అప్పటి లెక్క. కొత్త బాస్ బార్‌కు ఆరు వేలు, మెడ సరిచేయడానికి ఐదు, బ్రిడ్జి, సౌండ్ పోస్ట్, బిరడలు, తీగలు కలిపి నాలుగు. మొత్తం పదిహేను. అంటే నలభై ఏడు వేలు పడింది. అంతా అయ్యాక పెద్దాయన దానికి కట్టిన విలువ ఇరవై ఐదు. నాదం మాత్రం ఆ తర్వాత నిజంగా బాగుంది, మా వాడు ఇప్పటికీ దాని మీదే వాయిస్తున్నాడు.

ఆ లెక్కన, మీకు అద్దంలో అతుకు గీత, మూలల్లో దిమ్మలు కనిపించి, వెనక పలకకు పగులు లేక, మెడ 26, 27 దగ్గర ఉంటే, సర్దుబాటుకు ఓ పది వేలు విడిగా ఉంచుకుని ముప్పై దాకా ఇవ్వవచ్చు. దిబ్బ బార్, ఖాళీ మూలలు ఉండి మెడ బాగుంటే పదిహేను, మహా అయితే పద్దెనిమిది. మెడ కూడా వాలి ఉంటే పది దాటకండి, లేదా ఆ డబ్బుతో కొత్త విద్యార్థి వయొలిన్ కొని బ్రిడ్జి బాగా చెక్కించుకోవడం మేలు. నలభై ఏ లెక్కలోనూ నాకు కనపడటం లేదు. అమ్మేవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి రెండు వేలు బయానా ఇచ్చి, చెన్నైలో చూపించి తెస్తామని అడగండి. కావలి నుంచి పొద్దున బండెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు.

చూసేటప్పుడు తీగలన్నీ ఒకేసారి మాత్రం వదులు చేయవద్దు. బిగువు పోతే లోపలి సౌండ్ పోస్ట్ పడిపోతుంది, దాన్ని మళ్లీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. ఇంకొక మాట, వెనక పలక పైకొసన మెడకు ఆని పొడుచుకొచ్చిన చిన్న గుండీని వదిలి పలకను టేపుతో కొలవండి. 14 అంగుళాలు ఉంటే పూర్తి సైజు. పాపను కూర్చోబెట్టి, చిటికెన వేలు పంచమం దగ్గర సాగదీయకుండా పడుతుందో లేదో వాళ్ల గురువుగారి ముందే చూడండి. పడకపోతే ముప్పావు సైజు మీదే ఇంకో ఏడాది నడిపించి, ఈ బేరం అప్పటికి వాయిదా వేయండి.