ఫ్లాస్కు అడుగున ఉన్న ప్రతి అంకె మూత కొలత కాదు

చిరంజీవి సుజాతకి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో నైట్ డ్యూటీలకి తాతయ్య స్టీలు ఫ్లాస్కే పట్టుకెళ్తావట, పోయిన మూత నువ్వే వెతుక్కుంటావట. మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు స్టీలు సామాన్ల కొట్టు నడిపినవాణ్ణి, ముచ్చటేసింది. టెన్షన్ కూడా పట్టుకుంది. మరిగే టీ సంచిలో పెట్టుకుని బస్సెక్కేది నువ్వు కదా.

అసలు ఏది పోయిందో ముందు చూడు. కప్పులా వాడుకునే పై మూత వేరు, లోపల బిగించే బిరడా వేరు. పై మూత లేకపోయినా టీ ఆగుతుంది, బిరడా లేకపోతే ఆగదు. బిరడా ఉండి కారుతోందంటే రబ్బరు రింగు ఒక్కటే మారిస్తే చాలేమో.

ఇక అడుగున ఉన్న గుర్తులు. అరిగిపోయి ఉంటే సుద్దపొడి రాసి తుడిచి, సెల్లు లైటు పక్కవాటుగా పట్టు, గీతలు తేలతాయి. కంపెనీ పేరు, మోడల్ నంబరు కనిపిస్తే అదృష్టమే. ఆ రెండూ చెప్పి కంపెనీ వాళ్ల స్పేర్ బిరడా అడుగు. 500, 750, 1000 అని ఉంటే అది మిల్లీలీటర్ల లెక్క. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని పైన ఉండే ఐఎస్ నంబరు నాణ్యత ప్రమాణానిది, అన్ని కంపెనీలకీ ఒకటే. కింద ఉండే సీఎం/ఎల్ నంబరు మాత్రం ఆ తయారీదారుడికిచ్చిన లైసెన్సుది. పేరు చెరిగిపోయినా బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరు చేశారో తెలుస్తుంది.

18/8 అని కూడా ఉంటుంది. దాని దగ్గరే మీ పెద్దమావయ్య బోర్లాపడ్డాడు. నౌపడా చిన్నరైలు నడిచే రోజులు. బిరడా పగిలితే, తమ్ముడికి స్టీలు కొట్టుందన్న ధ్యాసే లేకుండా శ్రీకాకుళం వెళ్లి "పద్దెనిమిది బై ఎనిమిది మూత ఇవ్వండి" అని అడిగాడు. 18/8 అంటే స్టీలులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం అని. కొందరు దాన్నే 304 అని వేస్తారు. మంచి ఫ్లాస్కులు చాలావాటి మీద అదే ఉంటుంది. కొట్టువాడు తన దగ్గరున్న 18/8 ఫ్లాస్కు బిరడా తీసిచ్చాడు. అది ఒక చుట్టు తిరిగి బిగుసుకుంది. బలంగా బిగించాడు, గట్టిగా ఉందనుకున్నాడు. నిజానికి అది మరలో వంకరగా కూరుకుపోయింది, రింగు ఒక పక్కనే ఆనింది. వేడి టీ పోసి మూసేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. రైలు కుదుపులకి అది ఆనని పక్కనుంచి తన్నుకొచ్చింది. ఒళ్లో పెట్టుకున్నాడేమో, తొడ మీద బొబ్బలు. ఆ మచ్చ నీకూ చూపించి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

అందుకే కొలత తియ్యి తల్లీ. మరలు మెడ లోపలున్నాయా, బయటున్నాయా చూడు. బయటుంటే మరల గట్ల మీదుగా దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పరిచి, వచ్చినదాన్ని 3.14తో భాగించు. దారం 16 సెంటీమీటర్లొస్తే మెడ అడ్డం 5.1. లోపలుంటే మూతి అడ్డం స్కేలుతో తీసుకో. తర్వాత ఒక మర గట్టు నుంచి పక్క గట్టుకి దూరం చూడు. బయటి మరలకి కాగితం చుట్టి పెన్సిల్ రుద్దితే గీతలొస్తాయి. లోపలి మరలకి నూనె రాసి, గట్టిగా కలిపిన పిండిముద్ద నొక్కి తియ్యి, అచ్చు దిగుతుంది. అడ్డం కలిసినా ఈ దూరం 3 మిల్లీమీటర్ల బదులు 4 అయితే అది మన మూత కాదు. 1000 మిల్లీలీటర్ల ఫ్లాస్కులు సన్నమెడవీ ఉంటాయి, వెడల్పువీ ఉంటాయి, లీటరు చూసి కొనకు.

కొట్లో తిప్పేటప్పుడు ముందు ఎడమకి కొంచెం తిప్పు. టక్కుమని మర దిగుతుంది, అప్పుడు కుడికి తిప్పు. సరైనది వేలితోనే తేలిగ్గా చివరిదాకా వెళ్లి, ఆఖరున రింగు నొక్కుకున్నట్టు తెలుస్తుంది. ఒకటి, ఒకటిన్నర చుట్టుకే మొరాయిస్తే కొట్టువాడు ఎంత చెప్పినా ఇచ్చెయ్. "వాడితే సర్దుకుంటుందమ్మా" అంటాడు. సర్దుకోదు.

ఇంటికొచ్చాక చన్నీళ్లు పోసి, పాత పేపరు మీద రాత్రంతా పడుకోబెట్టు. పేపరు పొడిగా ఉంటే సగమే పాసయినట్టు. మర్నాడు వేడినీళ్లు, అంచు దాకా కాకుండా రెండు వేళ్లు వెలితిగా పోసి, సింకులో తలకిందులు చేసి ఊపు. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో. అది కూడా ఆగితేనే టీ పొయ్యి. బస్సులో మాత్రం కాళ్ల దగ్గర నిలబెట్టు, ఒళ్లో వద్దు.

మోడల్ నంబరు కనిపించకపోతే దారం కొలత, పిండి అచ్చు ఫొటో పక్కనే స్కేలు పెట్టి తీసి పంపు. కొట్టు మూసేసినా పాత బిరడాల డబ్బా ఇంకా అటక మీదే ఉంది, దింపి చూస్తాను.

మీ మావయ్య