సందేహాలు – సమాధానాలు: రెండు ఏకాదశుల మాట

సందేహం: మా ఛానెల్‌లో ఏకాదశి గురించి వివరణ వీడియో పెట్టాము. "శాస్త్రం ప్రకారం అసలు ఏకాదశి సోమవారమే, వైష్ణవులు మాత్రం మంగళవారం ఉండాలని నమ్ముతారు" అని చెప్పాము. చాలామంది నొచ్చుకున్నారు. ఇందులో తప్పేముంది? ఎలా చెప్పి ఉండవలసింది?

సమాధానం: మీరు చెప్పిన తేదీలలో తప్పు లేదు, వాక్యం కట్టిన తీరులో ఉంది. "అసలు" అన్న మాట, "సోమవారమే"లోని ఏకారం కలిసి ఒక రోజును ప్రమాణంగా నిలబెట్టాయి. "మాత్రం" అన్న మాట రెండవ రోజు పాటించేవారిని మినహాయింపుగా పక్కన పెట్టింది. "అందరూ వచ్చారు, అతను మాత్రం రాలేదు" అన్నప్పుడు విన్నవారి మనసు ఆ రానివాడి మీదికి ఎలా పోతుందో, ఇక్కడా అంతే. అంతకన్నా లోతుగా గుచ్చుకున్నది ఆధారం చెప్పిన తీరు. ఒకరి ఆచారానికి "శాస్త్రం ప్రకారం" అని ఆధారం చూపి, మరొకరి ఆచారాన్ని "నమ్ముతారు" అని వదిలేస్తే, ఒకరిది నిర్ణయమూ మరొకరిది కేవలం నమ్మకమూ అని చెప్పినట్లవుతుంది. నిజానికి ఇద్దరిదీ శాస్త్రనిర్ణయమే.

ఆ నిర్ణయాన్ని వీడియోలో విప్పి చెబితే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది. సూర్యోదయం ఉదయం 6 గంటలకనీ, సోమవారం తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు దశమి ముగిసి ఏకాదశి ప్రవేశించిందనీ అనుకోండి. సూర్యోదయానికి ఏకాదశి ఉంది కనుక స్మార్తులు ఆనాడే ఉపవాసం ఉంటారు. శ్రీవైష్ణవులు, మాధ్వులు సూర్యోదయంతో పాటు అరుణోదయాన్ని కూడా చూస్తారు. అరుణోదయమంటే సూర్యోదయానికి ముందున్న 4 ఘడియలు, అనగా 96 నిమిషాలు. ఈ లెక్కన అది 4 గంటల 24 నిమిషాలకే మొదలవుతుంది. ఆ సమయంలో దశమి ఇంకా ఉన్నది కాబట్టి ఆ ఏకాదశికి దశమీవేధ, అంటే దశమి తాకిన దోషం, కలిగిందని, వారు మరునాడు ఉపవాసం ఉంటారు. దశమి 4 గంటల 24 నిమిషాలకు ముందే ముగిసి ఉంటే, సాధారణంగా ఇద్దరికీ ఒకే రోజు వచ్చేది. పంచాంగాలు అటువంటి రోజును "సర్వేషాం ఏకాదశి" అని రాస్తాయి. రెండు రోజులైనప్పుడు "స్మార్త ఏకాదశి", "వైష్ణవ ఏకాదశి" అని వేరువేరుగా చూపుతాయి. పంచాంగకర్తల ఈ పద్ధతినే మీరూ అనుసరించవచ్చు.

అప్పుడు మీ వాక్యం ఇలా మారుతుంది: "సూర్యోదయానికి ఏకాదశి ఉన్నందున స్మార్త సంప్రదాయంలో సోమవారం, అరుణోదయానికి దశమి ఉన్నందున వైష్ణవ సంప్రదాయంలో మంగళవారం ఉపవాసం." రెండు భాగాలకూ ఒకే అమరిక ఉన్నది: ముందు కారణం, తరువాత సంప్రదాయం, ఆపైన రోజు. ఇది సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, ఏ వాక్యంలోనైనా రెండు సంప్రదాయాల పేర్లను, వాటికి చెందిన వివరాలతో సహా, ముందువెనుకలు చేసి చదవండి. అప్పుడూ ఎవరికీ తక్కువ చేసినట్లు వినిపించకపోతే వాక్యం నిలిచినట్లే.

పేర్ల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. వైష్ణవులు కానివారందరినీ శైవులనడం మన వీడియోలలో తరచుగా వినిపించే పొరపాటు. పంచాయతన పూజలో శివునితో పాటు విష్ణువునూ అర్చించే స్మార్తులకు ఆ పేరు అతకదు. వైష్ణవులందరిదీ ఒకే లెక్క అనడమూ సరికాదు. నింబార్క సంప్రదాయంలో అర్ధరాత్రి దాటి దశమి ఉన్నా వేధగానే పరిగణిస్తారు. అందుచేత "వైష్ణవులందరూ" అనకుండా, మీకు తెలిసిన సంప్రదాయాలను పేరుపెట్టి చెప్పండి. "కొందరు", "మరికొందరు" అన్న మాటలు భద్రంగా కనిపిస్తాయి గాని, తమ పేరు వినాలని కూర్చున్న ప్రేక్షకుడికి అవి చిన్నచూపుగానే తోస్తాయి.

చివరలో "ఏ రోజు చేసినా ఒకటే, దేవుడు ఒక్కడే కదా" అని సర్దిచెప్పడం చాలామందికి అలవాటు. సదుద్దేశంతో అన్నా, ఆ మాట ఇద్దరినీ నొప్పిస్తుందని నా అభిప్రాయం. తిథిలోని నిమిషాలను కూడా లెక్కించి వ్రతం చేసేవారితో ఆ లెక్క అక్కరలేదని చెప్పినట్లవుతుంది. నేనేది పాటించాలని ఎవరైనా అడిగితే, "మీ ఇంటి సంప్రదాయాన్ని, మీ గురుపీఠం నిర్ణయాన్ని అనుసరించండి" అని చెప్పి ఆగడం ఉచితం. అక్కడ తీర్పు చెప్పడం వివరణ వీడియో పని కాదు.

ఇప్పటికే పెట్టిన వీడియోలో ఆ ఒక్క వాక్యాన్ని కత్తిరించి, సవరించిన వాక్యాన్ని వివరణలోనూ, పైన నిలిపిన వ్యాఖ్యలోనూ రాయండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అనే షరతు పెట్టకండి. "వైష్ణవ ఏకాదశికి శాస్త్రాధారం లేదన్నట్లు చెప్పాము, అది సరికాదు" అని నేరుగా రాయండి. వీడియో ముఖచిత్రం మీద ఒక రోజుకు టిక్కు, మరొక రోజుకు అడ్డగీత పెట్టి ఉంటే దానినీ మార్చాలి. వీడియో తెరవనివారు కూడా చూసేది ఆ బొమ్మనే.