చిన్నికి, షెడ్డులో రికార్డింగు గురించి

చిన్నీ,

వచ్చే శనివారం మీ బ్యాండు మనింటి కారు షెడ్డులో పాట రికార్డు చేస్తోందని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడు చెప్పింది ఫిర్యాదుగానే, నాకు మాత్రం పట్టలేనంత సంతోషమేసింది. రాత్రి రెండింటికి ఆ షెడ్డు కరెంటు బోర్డు గుర్తొచ్చి మళ్లీ నిద్ర పట్టలేదు. దాని సంగతి చివర్లో రాస్తా.

గిటార్ తీగలు మార్చేదుంటే ముందురోజే మార్చండి, కొత్తవి శ్రుతిలో నిలవవు. చెవులకి ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

నాకు కోపం తెప్పించింది వేరే ఉంది. ఒక్కో వాయిద్యం విడిగా వాయించి, తప్పులన్నీ కంప్యూటర్లో దిద్దేసి, ఆపైన అరవైల నాటి గరగర కలుపుతారట. శుభ్రంగా స్నానం చేసొచ్చి మసి పూసుకోవడం దేనికే?

ఆ గరగర ఎలా వచ్చిందో విను. నేనుండే ఈ పోర్ట్‌లాండ్‌లోనే, 1963 ఏప్రిల్‌లో, కింగ్స్‌మెన్ అనే కుర్రాళ్లు సుమారు 50 డాలర్లకి ఒక చిన్న స్టూడియోలో ‘లూయీ లూయీ’ రికార్డు చేశారు. పాట వాళ్లది కాదు, రిచర్డ్ బెర్రీది. గాయకుడు జాక్ ఈలీ మైకు తల పైన ఎక్కడో వేలాడుతోంది. పళ్లకి క్లిప్పులు పెట్టుకున్న పిల్లాడు మునివేళ్ల మీద లేచి, మెడ ఎత్తి అరిచాడు. గిటార్ సోలో అయ్యాక ఒక వరస ముందే అందుకుని, నాలిక్కరుచుకుని ఆగిపోయాడు. ఆ ఖాళీని డ్రమ్మర్ దడదడమని నింపేశాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను, దొరుకుతుంది.

దిద్దలేదేం అంటావా? అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయిస్తే డ్రమ్ము మోత పాట మైకులోకి, గిటార్ డ్రమ్ము మైకులోకి దూరుతుంది. ఒక్కడి తప్పు తీయాలంటే అందరూ మళ్లీ మొదట్నించి వాయించాలి. తప్పుతోనే విడుదలైన ఆ రికార్డు అమెరికా జాబితాలో రెండో స్థానందాకా వెళ్లింది. మాటలు అర్థంకాక, బూతులున్నాయేమోనని ఎఫ్‌బీఐ కూడా విచారించింది. ఏ స్పీడులో తిప్పి విన్నా ఏమీ తేలలేదు.

1972లో లెన్నీ కే అనే ఆయన ఇలాంటి 27 పాటలు ఏరి ‘నగ్గెట్స్’ అని జంట ఎల్పీ వేయించాడు. వెనక రాసిన మాటల్లో వీటిని పంక్ రాక్ అన్నాడు. గాయని ప్యాటీ స్మిత్ పక్కన గిటార్ వాయించింది కూడా ఆయనే. అప్పటికి రాక్ అంటే స్టేడియాలూ, తెమలని సోలోలూ. గిటార్ మీద మూడు కార్డ్‌లకి మించి రాని పంక్ పిల్లలకి ఈ పాత రికార్డుల్లో తాతలు దొరికారు. బ్లాక్ ఫ్లాగ్ అనే పంక్ బ్యాండు వాళ్లయితే 1981లో ‘లూయీ లూయీ’నే మళ్లీ పాడారు. నాకు ఇక్కడ చిన్న పేచీ ఉంది. ఆ తాతలు మొరటుగా ఉండాలని అనుకోలేదు, డబ్బూ సమయమూ లేక అలా వచ్చింది. మనవలు దాన్ని కావాలని ఎంచుకున్నారు.

ఇదంతా నాకు 1985లో తెలియదు. కాకినాడ హాస్టల్ గదిలో నలుగురం, రెండు గిటార్లు, ఒక బోంగో, అరువు తెచ్చిన టేప్ రికార్డరు. ఉన్నది ఒకే క్యాసెట్. దాని అవతలివైపు మా నాన్న ఘంటసాల పాటలు, వాటి జోలికి పోతే చంపేస్తాడు. మొదటిసారి మావాడు పాట ముందే అందుకున్నాడు, చివర్లో స్టూలు పడింది, అందరూ నవ్వారు. నేనే పెద్ద ఇంజనీరునైనట్టు “కాదు, మళ్లీ” అని టేపు వెనక్కి తిప్పి దాని మీదే ఎక్కించాను. అలా పధ్నాలుగుసార్లు చేయించాను. ఆఖరిదాంట్లో ఒక్క తప్పూ లేదు. వింటే మాత్రం పరీక్ష హాల్లో కూర్చుని వాయించినట్టుంది. మొదటిసారి తర్వాత ప్రతిసారీ పాట కొంచెం తొందరగానే లాగించేశాం. అందుకే ఆఖర్న కొంచెం టేపు చెరక్కుండా మిగిలింది, మొదటిసారిది నాలుగు సెకన్లు. స్టూలు పడ్డ చప్పుడు, మావాడి నవ్వు. పాటని ఫార్వర్డ్ చేసి ఇప్పటికీ అదే వింటుంటాను.

కాబట్టి తల్లీ, అందరూ కలిసి వాయించండి. ఏదీ చెరపకు, నీ దగ్గర చోటుకేం కొదవ. బాగోలేదనుకున్నది వారం పోయాక ఇంకోసారి విను.

ఇక ఆ బోర్డు. ఆంప్లిఫయర్, మైకు మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి, మూడు పిన్నుల ప్లగ్గుతోనే పెట్టాలి. ఎర్తు సరిగా లేకపోతే గిటార్ పట్టుకుని మైకుకి పెదవి ఆనించగానే షాకు కొట్టొచ్చు. శుక్రవారమే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు చూపించమని మీ నాన్నకి చెప్పాను. నువ్వూ గుర్తుచెయ్, వాడు మర్చిపోతాడు.

పెదనాన్న