ఆల్టో ఆంటీ కాగితం కింద పెట్టేసిన రోజు

ప్రశ్న: "ఫోర్ పార్ట్ రాసేటప్పుడు రెండు కార్డుల్లోనూ ఉండే కామన్ నోట్ కదపొద్దు, ప్యారలల్ ఫిఫ్త్స్ రాకూడదు అంటారు. గిటార్‌లో బార్ కార్డ్ పట్టుకుని అలాగే పైకి జరిపితే బాగానే ఉంటుంది కదా, మరి కోయిర్‌కి ఎందుకు తప్పు?"

గిటార్‌లో మోగేది ఒక్క వాద్యం, కోయిర్‌లో పాడేది నాలుగు గుంపుల మనుషులు. తేడా అంతా అక్కడే ఉంది. ఇది నాకు థియరీ క్లాసులో ఎవరూ చెప్పలేదు, అక్కడ ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి మార్కులు కోసేసేవాళ్లు, అంతే. చెప్పింది మా చర్చిలో ఆడవాళ్ల కింది గొంతు, అంటే ఆల్టో పాడే ఒక ఆంటీ.

ఒక క్రిస్మస్‌కి ఓ పాటకి నాలుగు పార్టులు రాశాను. కార్డులు తెలిస్తే హార్మొనీ వచ్చేసినట్టే అనుకునే వయసు. ప్రాక్టీసులో మొదటి రెండు కార్డులు నిండుగా వినిపించేవి, మూడో దాని దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పాట పలచబడిపోయేది. ఆల్టో వాళ్లు గొంతు తగ్గిస్తున్నారనుకుని గట్టిగా పాడమని మూడుసార్లు అన్నాను. నాలుగోసారి ఆంటీ కాగితం కింద పెట్టేసి, "గట్టిగానే పాడుతున్నాం బాబూ, బాస్ వాళ్లు పాడేదే మేమూ పాడుతున్నట్టుంది, ఇంక మేమెందుకు?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్లి చూసుకుంటే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

సరిగమల్లో చెప్తాను, శంకరాభరణం స్వరాలే, సి అంటే స. కింది నుంచి పైకి బాస్, టెనర్, ఆల్టో, సోప్రానో. మొదటిది సి కార్డ్: స ప గ స. రెండోది ఎఫ్ కార్డ్: మ ద మ స. సోప్రానో కదల్లేదు, టెనర్ ప నుంచి ద, ఆల్టో గ నుంచి మ, ఒక్కొక్క మెట్టే. ఇది బాగానే కుదిరింది, కానీ తెలిసి చేసింది కాదు. మూడోది జి కార్డ్, నేను రాసింది ప ని ప రి. అంటే నలుగురినీ కట్టగట్టి ఒక మెట్టు పైకెక్కించాను. బాస్ మ నుంచి ప, ఆల్టో కూడా ఒక స్థాయి పైన మ నుంచి ప. అవి ప్యారలల్ ఆక్టేవ్స్. సోప్రానో బాస్‌కి పంచమంలో ఉండి, పంచమంలోనే పైకి పోయింది. అవి ప్యారలల్ ఫిఫ్త్స్.

తంబురాలో స, ప ఎలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయో తెలుసుగా. అలా కలిసిపోయే రెండు స్వరాలు కలిసే నడిస్తే చెవి వాటిని రెండు గొంతులుగా లెక్కపెట్టదు. బార్ కార్డ్‌లో మనకి కావలసింది అదే, మొత్తం కార్డ్ ఒక లావుపాటి గీతలా జరగాలి. కోయిర్‌లో మాత్రం ఆల్టో మాయమైపోతుంది. కీబోర్డ్‌లో కుడిచేత్తో పట్టుకున్న కార్డుని అలాగే పంచి కోయిర్‌కి ఇచ్చేవాళ్లందరూ చేసేది ఇదే, ఇప్పటికీ ప్రతి డిసెంబరులో వింటూనే ఉన్నాను.

సరిచేయడానికి పావుగంట కూడా పట్టలేదు. బాస్ మ నుంచి ప కి ఎక్కుతుంటే మిగతా ముగ్గుర్నీ కిందికి దింపాను: టెనర్ ద నుంచి ప, ఆల్టో మ నుంచి రి, సోప్రానో స నుంచి ని. బాస్, టెనర్ ఒకే ప మీద కలుస్తారు, పర్వాలేదు. మళ్లీ సి కార్డ్‌కి వచ్చేటప్పుడు ప కామన్ నోట్ కాబట్టి టెనర్ అక్కడే ఉంటాడు, ఆల్టో రి నుంచి గ, సోప్రానో ని నుంచి స, బాస్ కింది స కి దిగుతాడు. మొదలుపెట్టిన స ప గ స దగ్గరికే వచ్చేశాం. మరుసటి ప్రాక్టీసులో రెండోసారికే పట్టేశారు.

ఇంతకీ కామన్ నోట్ సంగతి. సి నుంచి ఎఫ్‌కి ఒక నోట్ కలుస్తుంది, సి నుంచి ఎ మైనర్‌కి రెండు. ఉన్నదాన్ని అదే గొంతులో ఉంచేసి మిగతావాళ్లని దగ్గర మెట్టుకి పంపితే అందరూ ఒకే వైపు పరిగెత్తే ప్రమాదం దాదాపు ఉండదు. ఎఫ్, జి లాంటి పక్కపక్క కార్డులకి కలిసే నోటే లేదు, అందుకే నేను సరిగ్గా అక్కడే పడ్డాను. అక్కడ బాస్‌కి ఎదురు నడవడమే దారి.

అలాగని ఇది శాసనమేమీ కాదు. ట్యూన్ సోప్రానోలో ఉండి అది వేరే చోటికి పోతుంటే కామన్ నోట్‌ని వదిలేయాల్సిందే. ని ఎప్పుడూ స కే ఎక్కాలి అంటారు కానీ, బాఖ్ నాలుగు గొంతులకి రాసిన చర్చి పాటల్లో, అంటే కొరేల్స్‌లో, లోపలి గొంతులో ఉన్న ని చాలాచోట్ల ప కి దిగిపోతుంది, కార్డ్ నిండడానికి. అదే పని సోప్రానోతో చేయించి చూడండి, ముగింపు వేలాడిపోతుంది.

రాశాక జతలు జతలుగా చూడండి. నాలుగు గొంతులకి ఆరు జతలే అవుతాయి. ముందు బాస్–టెనర్, తర్వాత బాస్–ఆల్టో, అలా. నా తప్పు రెండో జతలోనే ఉంది, అంత దూరం చూసే ఓపిక కూడా లేకపోయింది నాకు.