కందిపప్పు ఒకసారికి ఎన్ని బస్తాలు తెచ్చుకోవాలి?

ప్రశ్న: ఖమ్మంలో మాది కిరాణా కొట్టు. నెలకు 30 కిలోల కందిపప్పు బస్తాలు 20 దాకా అమ్ముడవుతాయి. బస్తా 3,600 రూపాయలు పడుతోంది. ట్రాలీ ఆటో కిరాయి 450, అందులో 25 బస్తాలు పడతాయి. సరుకు డబ్బు రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాం. మా మామగారు మూడు నెలలకోసారి 60 బస్తాలు తెప్పించమంటారు, మావారు వారానికి ఐదు చాలంటారు. కామర్స్ చదివే మా అమ్మాయి దీనికి ఇ.ఓ.క్యూ. అనే లెక్క ఉందంటోంది. 40 బస్తాలు తీసుకుంటే బస్తాకు 60 రూపాయలు తగ్గిస్తానని హోల్‌సేల్ వ్యాపారి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి చెప్పిన లెక్కను పాఠ్యపుస్తకాల్లో మితవ్యయ ఆర్డరు పరిమాణం అంటారు. సరుకు తెచ్చిన ప్రతిసారీ అయ్యే ఖర్చు ఒకటి, తెచ్చిన సరుకు కొట్లో నిలవున్నంత కాలం అయ్యే ఖర్చు మరొకటి. ఎక్కువ తెస్తే మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది, తక్కువ తెస్తే దానికి తలకిందులవుతుంది. ఈ రెండింటి మొత్తం అన్నిటికన్నా తక్కువగా ఉండే చోటును ఆ సూత్రం పట్టిస్తుంది.

ముందుగా తెచ్చే ఖర్చు తేల్చుకోవాలి. ఆటోకు 450 రూపాయలు. మార్కెట్‌కు వెళ్లినందువల్ల కొట్టులో పోయే బేరం మీద లాభం 150 అనుకుందాం. మొత్తం 600. హమాలీ కూలిని ఇందులో కలపకూడదు. అది బస్తాకు ఇంత చొప్పున ఇచ్చేది కాబట్టి, 240 బస్తాలను నాలుగుసార్లు తెచ్చినా నలభైసార్లు తెచ్చినా ఏడాది చివరికి అంతే అవుతుంది. ఈ లెక్క వేసేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

తర్వాత నిలవ ఖర్చు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అంటే 3,600 మీద 864 రూపాయలు. పురుగు పట్టడం, తరుగు కింద నూటికి ఒకటి చొప్పున 36 కలిపితే, ఒక బస్తా ఏడాదిపాటు కొట్లో ఉంటే 900 రూపాయలు ఖర్చవుతుంది. కొట్టు అద్దెను కలపలేదు. కందిపప్పు ఉన్నా లేకున్నా ఆ అద్దె కట్టవలసిందే. ఈ సరుకు కోసమే వేరే గది తీసుకుంటే మాత్రం కలపాలి.

ఇప్పుడు ఏడాది అమ్మకాన్ని తెచ్చే ఖర్చుతో హెచ్చించి, దాన్ని రెట్టింపు చేసి, నిలవ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి:

√(2 × 240 × 600 ÷ 900) = √320 ≈ 17.9

అంటే 18 బస్తాలు, సుమారు 27 రోజులకోసారి. ఏడాదిలో 13 సార్లకు కాస్త పైగా తెస్తారు కాబట్టి తెచ్చే ఖర్చు 8,000, కొట్లో సగటున 9 బస్తాలుంటాయి కాబట్టి నిలవ ఖర్చు 8,100, మొత్తం 16,100. మీవారు చెప్పినట్టు ఐదేసి తెస్తే 48 రాకపోకలకు 28,800, నిలవకు 2,250, మొత్తం 31,050 అవుతుంది. మామగారు చెప్పిన 60 బస్తాలకు ఆటో మూడు తిరుగుళ్లు తిరగాలి. తెచ్చే ఖర్చు 6,000, నిలవ ఖర్చు 27,000, మొత్తం 33,000. అయితే మామగారి మాట ఊరికే వచ్చింది కాకపోవచ్చు. వడ్డీకి తేకుండా, ఏటా 8 శాతం వచ్చే డిపాజిట్‌లో ఉండే సొంత డబ్బు పెట్టి వ్యాపారం చేసేవారికి ఇదే సూత్రం 30 బస్తాలు చెబుతుంది. మీ జవాబును చిన్నది చేస్తున్నది అప్పు.

18 అన్న అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. 24 బస్తాలు తెస్తే మొత్తం ఖర్చు 16,800, పన్నెండే తెస్తే 17,400. ఏడాదికి ఏడు వందల నుంచి పదమూడు వందల దాకా తేడా, అంతే. ఆటో నిండేలా తెచ్చుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇక సూత్రం ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. 1913లో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు దీన్ని ఫ్యాక్టరీలో విడిభాగాలు ఒక విడతకు ఎన్ని చేయాలో తేల్చడానికి ప్రకటించాడు. కొనుగోలు ధర మారదని, అమ్మకం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటుందని, ఒకసారి తెచ్చే ఖర్చు ఎంత తెచ్చినా అంతేనని అది అనుకుంటుంది.

మీ వ్యాపారి తగ్గింపు ఇస్తాననగానే మొదటి ఊహ తప్పిపోయింది. కాబట్టి సూత్రాన్ని పక్కనపెట్టి మొత్తం ఖర్చులనే పోల్చాలి. 40 బస్తాలకు ఆటో రెండుసార్లు తిరగాలి కనుక ఒక విడతకు 1,050, ఏడాదిలో ఆరు విడతలకు 6,300, నిలవ ఖర్చు 18,000, మొత్తం 24,300. ఇది 16,100 కన్నా 8,200 ఎక్కువ. తగ్గింపు వల్ల మిగిలేది 240 బస్తాల మీద 14,400. అంటే 6,200 లాభం మీదే, తీసుకోండి. బస్తాకు 34 రూపాయల కన్నా తక్కువ తగ్గిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. వానాకాలంలో 40 బస్తాలు పేర్చేముందు నేల మీద చెక్కలు వేసి, గోడకు ఎడంగా పెట్టండి; చెమ్మ తగిలి తరుగు నూటికి ఒకటి దాటితే ఈ లాభం అంతకంత తగ్గుతుంది.

రెండో సంగతి ఉద్దెర. మీరు ప్రస్తావించలేదు గాని చాలా కొట్లకు ఇదే అసలు విషయం. వ్యాపారి 30 రోజుల గడువు ఇచ్చాడనుకుందాం. వడ్డీ లేదు కదా అని నిలవ ఖర్చును 36 రూపాయలకు దించి సూత్రంలో పెడితే 89 బస్తాలని వస్తుంది. అది తప్పుడు జవాబు. ముప్ఫై రోజుల్లో మీరు అమ్మేది 20 బస్తాలే. ఇరవై ఒకటో బస్తా నుంచి డబ్బు మీ చేతికి రాకముందే బాకీ తీర్చాలి, అందుకు మళ్లీ వడ్డీకి తేవాలి. కాబట్టి గడువులోపు అమ్ముడయ్యేంతే, అంటే 20 బస్తాలే, తీసుకోండి. దానికి ముందు రొక్కం ఇస్తే ధర ఎంతని తప్పక అడగండి. బస్తాకు 72 రూపాయలు తగ్గిస్తానన్నాడంటే, ఉద్దెర ధరలో నెలకు రెండు రూపాయల వడ్డీ ముందే కలిసి ఉందన్నమాట.

పండుగ నెలల్లో ఆ నెల అమ్మకంతోనే లెక్క మళ్లీ వేయండి. సంక్రాంతికి నెలకు 30 బస్తాలు పోతాయనుకుంటే జవాబు 22. అమ్మకం సగం పెరిగినా ఆర్డరు అయిదో వంతే పెరుగుతుంది. అదే ఆటోలో మినప్పప్పు, చక్కెర కూడా తెచ్చుకుంటుంటే కిరాయి అన్నిటికీ పంచుకోవాలి. అప్పుడు ఏ సరుకుకా సరుకు లెక్క వేస్తే పొరపాటవుతుంది, రాకపోకలు ఇంకాస్త దగ్గరపడతాయి.

ఎన్ని తేవాలో చెప్పే ఈ సూత్రం ఎప్పుడు తేవాలో చెప్పదు. ఫోన్ చేసిన రెండు రోజులకు సరుకు వస్తుందనుకుంటే, ఆలోపు మీకు అమ్ముడయ్యేది ఒకటిన్నర బస్తాకు లోపే. ఆటో దొరకని రోజు, బేరం ఎక్కువైన రోజు కూడా ఉంటాయి కాబట్టి నాలుగు బస్తాలు మిగిలినప్పుడే ఫోన్ చేయండి.