పాడిగేదె రంకె వెయ్యదు

చిరంజీవి అబ్బాయికి,

నీ కథ చేరింది. మూడో పేజీ దాకా బాగానే లాక్కెళ్లావు. అక్కడ, తాతగారు పోయిన రాత్రి, పశువుల పాకలో పాడిగేదె "తెల్లార్లూ రంకెలు వేస్తూ రోదించింది" అని రాశావు. కాగితాలు పక్కన పడేసి మా ఆవిణ్ణి కాఫీ అడిగాను. తాగాక కూడా కోపం తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం. ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. అవి తర్వాత చూద్దాం, ముందు గేదె సంగతి తేలాలి.

రంకె మగ పశువుది. ఆబోతు వేస్తుంది, దున్నపోతు వేస్తుంది. పోట్లాటకి దిగేముందు మెడ వంచి, ముందుకాలితో మట్టి వెనక్కి ఎగజిమ్ముతూ, ఎదుటి పశువు వినాలని వేసేది రంకె. అందులో బెదిరింపు ఉంది గానీ ఏడుపు లేదు. పాడిగేదె చేత రంకె వేయించావంటే ముత్తయిదువకి మీసం పెట్టినట్టే.

పోనీ, రంకె తీసేసి "తెల్లార్లూ అరిచింది" అని మారుస్తావనుకో. అప్పుడు ఇంకో చిక్కొస్తుంది. మన కోనసీమలో నాలుగు గేదెలు కట్టుకున్న ఏ మనిషైనా ఆ వాక్యం చదివి ఏమనుకుంటాడో తెలుసా? తాతగారి మీద బెంగ అనుకోడు. "ఎదకొచ్చింది" అనుకుంటాడు. ఎదకొచ్చిన గేదె ఆగి ఆగి అరుస్తుంది, మేత సరిగా ముట్టదు, పాలు తగ్గిస్తుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. పైగా గేదెల్లో చాలావాటికి, అందులోనూ ఎండాకాలంలో, ఎద పైకి కనపడదు. అరుపూ ఉండదు. దాన్ని మూగ ఎద అంటారు. అందుకే అరిచే గేదె ఉంటే రైతు ప్రాణానికి హాయి. సాయంత్రం ఎద కనిపిస్తే మర్నాడు పొద్దున, పొద్దున కనిపిస్తే సాయంత్రం చూడి కట్టేందుకు సూది వేయిస్తారు. ఆ అదను దాటితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. నీ కథలో గేదె రాత్రంతా అరిచింది కాబట్టి, శవం వాకిట్లో ఉండగానే పాలేరు పశువుల డాక్టరుకి ఫోన్ చేయాలా వద్దా అని తచ్చాడుతూ ఉండాలి. నిజం చెప్పొద్దూ, నువ్వు రాసినదానికంటే అదే మంచి కథ.

గేదె అరుపులు అన్నీ ఒకటి కావు. కుడితి వేళ దాటితే అరిచే అరుపు పొడుగ్గా, విసుగ్గా ఉంటుంది. ఈనిన కొత్తలో దూడని నాకుతూ పెట్టే చప్పుడు మూతి మూసుకుని గొంతులోనే తిరుగుతుంది, పాక బయటికి వినపడదు. దూడని దూరంగా కట్టేస్తే అదే గేదె నోరంతా తెరిచి వీధి చివరికి వినపడేలా పిలుస్తుంది. వీటన్నిటికీ తెలుగులో ఉన్న మాట ఒకటే, అరవడం. మాట ఒకటే అయినప్పుడు ఎందుకరిచింది, ఎలా అరిచింది అన్నది నువ్వు రాయాలి. దాన్ని తప్పించుకోడానికే నీబోటి వాళ్లు రంకెల మీదా ఘీంకారాల మీదా పడతారు.

నాకు ఈ విషయంలో పాత కక్ష ఒకటుంది. వయసులో ఉండగా ఒక వారపత్రికకి కథ పంపాను. "గేదె అరిచింది" అని రాసిన చోట సంపాదకుడు "మహిషి రంకె వేసింది" అని దిద్ది అచ్చేశాడు. అరవడం మరీ మామూలు మాటట, సాహిత్యానికి పనికిరాదట. అచ్చయిన వారం మా ఊరి పాలకేంద్రం దగ్గర నాకు జరిగిన సన్మానం నువ్వు చూడాల్సింది. "మీ మహిషి ఎన్ని లీటర్లిస్తుందండీ, ఆయ్" అని అడిగారు. ఆ సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఆ పత్రికా ఇప్పుడు లేదు. దేవుడున్నాడు.

ఇక నువ్వు కథతోపాటు జతచేసిన పట్టిక. ఒక పక్క ఇంగ్లీషులో బార్క్, నే, బ్లీట్, హూట్, ఎదురుగా తెలుగు. మొరుగుట, సకిలించుట రాసి, మిగిలిన రెండూ ఖాళీగా వదిలి "సరైన క్రియలు చెప్పండి మాస్టారూ" అన్నావు. ఈ కాన్వెంటు బళ్ల చార్టులు ఇంటింటా గోడకెక్కాక, ప్రతి జంతువుకీ ఒక గది ఉంటుందనీ, అందులో ఒక క్రియని కట్టేస్తే సరిపోతుందనీ అందరూ అనుకుంటున్నారు. మన భాష అలా నడవలేదు. కొన్నిటికి సొంత క్రియ ఉంది: కుక్క మొరుగుతుంది, గుర్రం సకిలిస్తుంది, పులి గాండ్రిస్తుంది, కోడి కూస్తుంది. కొన్నిటికి పేరు ఒకటి, దాన్ని మోసే క్రియ ఒకటి. గాడిద ఓండ్ర పెడుతుంది, ఆబోతు రంకె వేస్తుంది, పాము బుస కొడుతుంది. ఓండ్రకి పెట్టడం, బుసకి కొట్టడం ఎందుకంటే కారణం లేదు, వాడుక అంతే. "ఓండ్ర కొట్టింది" అని రాసి చూడు, చదివేవాడు అక్కడే గతుక్కుమంటాడు.

మిగిలినవాటికి చప్పుడే మాట. చప్పుడు తీసుకుని "మను" తగిలిస్తాం, కప్పలు బెకబెకమన్నాయి. లేదా "లాడు" తగిలిస్తాం, పిచ్చుకలు కిచకిచలాడాయి. ఈ రెండూ ఒకటి కాదు. కిచకిచమంది అంటే ఒక పిట్ట ఒకసారి అని ఊరుకున్నా చెల్లుతుంది. కిచకిచలాడాయి అంటే గుంపు ఉండాలి, కాసేపు సాగాలి. నీ కథలో చూరు కింద "ఒంటరి పిచ్చుక కిచకిచలాడింది". ఎవరితో?

మేకకి ఏ క్రియా లేదు. మే అంటుంది, లేకపోతే అరుస్తుంది. నువ్వు కథలో "మేమేకరించింది" అని ఒకటి పుట్టించావు చూడు, దాన్ని మాత్రం ఎవరికీ చూపించకు.

గుడ్లగూబ దగ్గర తప్పు ఇంకా లోతుగా ఉంది, అది మాటది కాదు, పిట్టది. "కొబ్బరిచెట్టు మీంచి గుడ్లగూబ హూ హూ అని కూసింది" అన్నావు. అది ఇంగ్లీషు సినిమాలో విన్న కూత. అలా కూసే పెద్ద గూబలు మన దేశంలోనూ ఉన్నాయి, కాదన్ను. కానీ మన ఇళ్ల చుట్టూ చింతచెట్టు తొర్రల్లో ఎక్కువగా కనపడేది జానెడు పిట్ట, ఒంటి మీద తెల్లచుక్కలు. సందెవేళ బయటికొచ్చి కరకరమంటూ గొడవ పెడుతుంది, వింటే ఇద్దరు పిల్లలు పలక కోసం కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది. గుడి గోపురాల్లో, పాత మిద్దెల్లో ఉండే తెల్లమొహం గూబ అసలు కూయనే కూయదు. కీచుమని అరుస్తుంది, గూటి దగ్గరికి వెళితే బుస కొడుతుంది. మా మేనమామ గారింటి అటక మీద రోజూ రాత్రి బుస వినపడుతోందని పాములవాణ్ణి పిలిపించారు. నిచ్చెనేసి చూస్తే గూబ పిల్లలు! ఆ ఇంట్లో అందరూ "బుస కొడుతోంది" అనే అన్నారు, సరిగ్గానే అన్నారు. బుస పాము సొత్తు కాదు, ఆ చప్పుడు ఎవరు చేస్తే వాళ్లది.

నా పట్టుదల ఇదే, నచ్చకపోతే మానెయ్. క్రియ జంతువుకి కాదు, అది ఆ క్షణంలో చేస్తున్న పనికి. నీ కథలో కుక్కనే తీసుకో. వరద రాత్రి అది నాలుగు చోట్ల వస్తుంది, నాలుగు చోట్లా మొరిగింది. నేను 1986 ఆగస్టు వరదలో ఏటిగట్టు మీద ఉన్నాను. లంకల్లోంచి తోలుకొచ్చిన గొడ్లూ మేకలూ కుక్కలూ మనుషులూ అంతా ఒకే టార్పాలిన్ల వరస కింద. కుక్క మొదట కొత్త మనిషిని చూసి గుర్రుమంటుంది. మనిషి ఆగకపోతే మొరుగుతుంది. ఎవరో కాలితో తంతే కుయ్యిమని పక్కకి పోతుంది. అర్ధరాత్రి దాటాక, మునిగిన ఇంటివైపు మూతి ఎత్తి ఏడుస్తుంది. కుక్క ఏడిస్తే కీడని ముసలమ్మలు దాన్ని గదమాయిస్తారు. ఈ నాలుగూ వరసగా పెడితే నువ్వు "భయానక వాతావరణం" అని వేరే రాయక్కర్లేదు. మొరగడం ఒక్కటే పెడితే ఏదో కుక్క ఉందని మాత్రమే తెలుస్తుంది.

నీ కథలో మేనత్త "ఏం కూశావురా" అనడం బావుంది. కోడి కూస్తే పొద్దు, కబడ్డీలో కూతకెళితే మొనగాడు, అదే మనిషి నోటిమాటని కూత అంటే తిట్టు. మొరగడం, సకిలించడం కూడా మనిషికి అంటగడితే తిట్లే. గర్జించడం ఒక్కటి నాయకులకి గౌరవంగా మిగిలింది, పోస్టర్ల మీద చూస్తూనే ఉన్నావుగా. బల్లి సంగతే నాకు వింత. అంత చిన్న ప్రాణి టిక్కుమంటే మనం "బల్లి పలికింది" అంటాం. మనిషి మాట దానికిచ్చేశాం, శకునం చెబుతుందని భయం కాబోలు.

సరే, నీ గేదె దగ్గరికొద్దాం. తాతగారే రోజూ పాలు పితికేవాడని మొదటి పేజీలో నువ్వే రాశావు. అంతకంటే ఏం కావాలి? తెల్లవారుజామున వేళ దాటింది, గేదె అరిచింది. అల్లుడు చెంబు పట్టుకుని కూర్చున్నాడు. దూడని వదిలారు, రెండు గుక్కలు తాగనిచ్చి లాగారు, నీళ్లతో పొదుగు కడిగారు, తవుడు పెట్టారు. గేదె చేపలేదు, పాలు దించలేదు. పరాయి చేతికి పాడిపశువు పాలు పైకి బిగబట్టేస్తుంది. బెంగ కంటే కొత్త చేతి బెదురే ఎక్కువ దానికి, బెదిరితే పాలు దిగవు. అల్లుడు చన్ను లాగుతున్నకొద్దీ గేదె కాళ్లు మారుస్తుంది. చెంబు అడుగు కూడా తడవదు. ఇక్కడ "రోదించింది" అన్న మాట ఎక్కడ ఇరుకుతుందో నువ్వే చెప్పు.

ఆ పేరా తిరగరాసి పంపు. ఫోన్‌లో వద్దు, నా కళ్లకి ఆనడం లేదు, కాగితం మీదే పంపు. పంపేముందు మీ వీధిలో పాలు తీసేవాళ్లని అడిగి, గేదె కొత్త చేతికి చేపడానికి ఎన్నాళ్లు తీసుకుంటుందో కనుక్కో. పదకొండో రోజు దాకా కథ సాగాలో, మూడో రోజే ఆపాలో దాన్నిబట్టి తేలుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు