ఆఖరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోమంటే

ప్రశ్న: భీమవరంలో మా మేడమీద పోర్షన్ నెలకు 9,000కి అద్దెకిచ్చాం. అడ్వాన్సు 18,000. రొయ్యల మేత కంపెనీలో పనిచేసే అబ్బాయి జనవరి 31న ఖాళీ చేస్తాడట. జనవరి అద్దె అడ్వాన్సులో పట్టుకోమంటున్నాడు. అలా అనొచ్చా అండీ? నేనేం చెయ్యాలి?

జవాబు: అడగొచ్చండి. కానీ అగ్రిమెంటులో అలా రాసుకుంటే తప్ప, తనంతట తాను అద్దె ఆపేసే హక్కు అతనికి లేదు. ఒప్పుకున్న తేదీకి అద్దె కట్టడం అద్దెకున్నవారి బాధ్యతని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. అడ్వాన్సు ఇంటికి ఏదైనా నష్టం జరిగితే మీ చేతిలో ఉండే హామీ. అయితే మీరు సరేనంటే ఏ అడ్డూ లేదు, కాబట్టి ముందు లెక్క చూద్దాం.

కరెంటు బిల్లు 1,400, విరిగిన బాత్రూం తలుపుకి 2,500 అవుతాయనుకోండి. మొత్తం 3,900. అద్దె కడితే మీరు 14,100 తిరిగివ్వాలి. అడ్వాన్సులో పట్టుకుంటే 5,100 ఇవ్వాలి. ఇద్దరికీ నికరంగా తేడా లేదు. అదే అడ్వాన్సు ఒక్క నెలదే అయితే చేతిలో ఏమీ మిగలదు, ఆ 3,900 కోసం ఊరు వదిలిన మనిషి వెంట మీరు తిరగాలి. మీ దగ్గర రెండు నెలలది ఉంది గనక, నేనైతే ఒప్పుకుంటాను, కానీ ఇల్లు చూశాకే.

ఈ వారమే అతన్ని పక్కన పెట్టుకుని గదులన్నీ చూడండి, ఫోటోలు తీయండి. వానలకి గోడ చెమ్మెక్కడం, ఉప్పునీటికి కుళాయిలు గారపట్టడం వాడకంలో వచ్చే అరుగుదల. వాటికి కోయడం న్యాయం కాదు. తలుపు విరగడం వేరు. తేలిన లెక్కని వాట్సాప్‌లో పెట్టి, అతని చేత "సరే" అనిపించుకోండి. కరెంటు మీటరు రీడింగు తాళాలిచ్చే రోజున ఇద్దరూ కలిసి రాసుకోండి, ఎందుకంటే ఆ బిల్లు అతను వెళ్లాకే వస్తుంది. సర్దుబాటు చేసిన 9,000కి జనవరి రసీదు ఇవ్వండి. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో అది మీకు అద్దె ఆదాయమే.

నష్టం 9,000 దాటేలా కనిపిస్తే ఒప్పుకోకండి. అతని భయం సాధారణంగా ఒక్కటే: అడ్వాన్సు తిరిగి రాదేమోనని. "5వ తేదీకి అద్దె వెయ్యి బాబూ, సామాను లారీ కదిలేలోపు అడ్వాన్సు ఫోన్‌పే చేస్తాను" అని రాసివ్వండి, అన్నమాట నిలబెట్టుకోండి.

అప్పటికీ కట్టకపోతే తాళం వెయ్యడం, నీళ్లూ కరెంటూ ఆపడం మాత్రం చెయ్యొద్దు. తప్పు మీ మీదకొస్తుంది. లెక్క రాసి నోటీసివ్వండి. అడ్వాన్సు పోను ఇంకా బాకీ మిగిలితే మండల న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టొచ్చు, దానికి కోర్టు ఫీజు ఉండదు. అద్దె బాకీకి దావా వేయడానికి మూడేళ్ల గడువుంది.